రిపోర్ట్ నార్మల్ అంది, లడ్డు మాత్రలు ఆపేద్దామా?

డాక్టర్ గారూ, మాది కర్నూలు, పదేళ్ళ నుంచి బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. లడ్డు మా ఇంటి కుక్క, వీధిలో దొరికినవాడే, నాలుగేళ్ళు, 16 కేజీలు. రెండు వారాల కిందట శనివారం రాత్రి మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఎలుకల మందు బిళ్ళలు తినేశాడు. ఒక్కోటి 15 గ్రాములు, నాలుగు లేవు. కవరు మీద బ్రోమాడియోలోన్ 0.005% అని ఉంది. సెక్యూరిటీ అతను "ఏనూ ఆగల్ల మేడమ్", ఏం కాదులే అన్నాడు, వీడేమో గంతులేస్తున్నాడు. ఆ రాత్రి మా చెల్లి వాళ్ళ పగ్ చెర్రీ కూడా అక్కడే ఉంది, తిందో లేదో ఎవరూ చూళ్ళేదు. చెల్లి ఆదివారం పొద్దున్నే దానికి రక్తం గడ్డకట్టే టెస్ట్ చేయిస్తే నార్మల్ అని వచ్చింది, దాంతో లడ్డుకి కూడా ఏం కాలేదనుకున్నాం. బుధవారం పొద్దునకి వాడు మెట్లెక్కలేకపోయాడు, దగ్గు, చిగుళ్ళు తెల్లగా. ఆస్పత్రిలో ప్లాస్మా ఎక్కించి విటమిన్ కె మొదలుపెట్టి శుక్రవారం ఇంటికి పంపించారు. మొన్న శుక్రవారం టెస్ట్ మళ్ళీ చేయిస్తే నార్మల్. ఇప్పుడు మా ఆయన, టెస్ట్ నార్మల్ కదా, రోజూ ఇన్ని మాత్రలు వేస్తే లివర్ పాడవుతుంది ఆపెయ్ అంటారు. ఒక డాక్టర్ రెండు వారాలు చాలన్నారు, ఇంకొకరు నెల వాడాలన్నారు. చెర్రీకి ఇప్పటిదాకా ఏ మందూ వెయ్యలేదు, బాగానే ఉంది. ఇంట్లో రోజూ దీని గురించే గొడవ, ఆ రాత్రే తీసుకెళ్ళనందుకు నాకు నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

అమ్మా, ముందు ఒక్క మాట, ఈ ఉత్తరం చదివి జవాబు వచ్చేదాకా మాత్రలు ఆపకుండా ఉంటే మంచి పని చేశారు, ఆపేసి ఉంటే ఇది చదవడం కూడా ఆపి ముందు వాడి డాక్టర్‌కి ఫోన్ చేసి మళ్ళీ మొదలుపెట్టండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

మీ ఉత్తరంలో నార్మల్ రిపోర్టులు రెండున్నాయి. ఆదివారం పొద్దున చెర్రీకి నార్మల్, మొన్న శుక్రవారం లడ్డుకి నార్మల్. నన్నడిగితే ఆ రెండు రిపోర్టుల వల్ల మీకు తెలిసింది దాదాపు ఏమీ లేదు. ల్యాబ్ తప్పు చేసిందని కాదు, రెండూ నిజంగానే నార్మల్ అయ్యుంటాయి, కానీ ఒకటి మరీ తొందరగా చేశారు, ఇంకోటి విటమిన్ కె మాత్రలు నడుస్తుండగా చేశారు. మీ ఇంట్లో గొడవంతా ఆ కాగితాల మీదే నడుస్తోంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్తా.

ఈ ఎలుకల మందు తిన్న కుక్కకి రక్తం పల్చబడిపోతుంది అంటుంటారు, అది సరైన మాట కాదు. రక్తంలో ఏమీ మారదు ముందు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లు కొన్ని లివర్‌లో తయారవుతాయి, వాటిలో నాలుగింటికి, నంబర్లు పెట్టి పిలుస్తారు, రెండు, ఏడు, తొమ్మిది, పది, ఆఖరి పని పూర్తవ్వాలంటే విటమిన్ కె కావాలి. ఒకసారి వాడాక ఆ విటమిన్ ఖాళీ సిలిండర్ లాగా అయిపోతుంది. దాన్ని లివర్ పారెయ్యదు, ఒక ఎంజైమ్ దాన్ని మళ్ళీ నింపి పనిలోకి పంపిస్తుంది, అట్లా కొంచెం విటమిన్‌తోనే రోజులకి రోజులు గడిచిపోతాయి. బ్రోమాడియోలోన్ వెళ్ళి ఆ నింపే ఎంజైమ్ మీద కూర్చుంటుంది. అంతే అది చేసే పని. సిలిండర్లన్నీ ఖాళీ అయ్యేదాకా, అప్పటికే తయారై రక్తంలో తిరుగుతున్న ప్రొటీన్లు అయిపోయేదాకా, కుక్కకి ఏమీ తెలీదు, మీకూ తెలీదు.

మన అపార్ట్‌మెంట్లలో కావేరి నీళ్ళు పొద్దున ఆగిపోతే ఆ సంగతి ట్యాంకు అడుగంటాక సాయంత్రం ఎప్పుడో గిన్నెలు కడుగుతుంటే తెలుస్తుంది కదా, అచ్చం అట్లాగే. ఆదివారం, సోమవారం లడ్డు గంతులేసింది ట్యాంకులో నీళ్ళతో. ఈ ప్రొటీన్లలో అందరికన్నా ముందు అయిపోయేది ఏడో నంబరు, కుక్క ఒంట్లో అది సుమారు ఆరు గంటలకోసారి సగానికి పడిపోతూ ఉంటుంది. రెండో నంబరు నిదానం, అది సగం అవ్వడానికే ఒకటిన్నర రోజు పైన పడుతుంది. టెస్ట్‌లో తేడా తెలిసేది సాధారణంగా తిన్న ఒకటిన్నర రోజు నుంచి మూడు రోజుల మధ్య, పైకి రక్తస్రావం కనిపించేది మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా, కొన్నిటికి వారం పడుతుంది. మీవాడు శనివారం రాత్రి తిని బుధవారం పొద్దున పడిపోయాడు, పుస్తకంలో రాసినట్టే.

ఈ ఆలస్యం ఎలుకల మందు చేసేవాళ్ళకి చాలా ఇష్టమైన గుణం. ఎలుక కొత్త తిండిని కొంచెం కొరికి చూస్తుంది, కడుపులో తేడా చేస్తే మళ్ళీ ముట్టదు. మూడు రోజుల తర్వాత ప్రాణం తీసే మందు మీద దానికి అనుమానం రాదు. దీని పుట్టుక కూడా వింతే. 1933లో అమెరికాలో విస్కాన్సిన్ రైతు ఒకాయన, పాడైపోయిన గడ్డి తిని ఆవులు రక్తం కారి చచ్చిపోతుంటే, మంచు తుఫానులో ఒక చచ్చిన పెయ్యనీ పాలక్యాన్‌లో గడ్డకట్టని రక్తాన్నీ వేసుకుని యూనివర్సిటీకి వెళ్ళాడు, అక్కడి ల్యాబ్ వాళ్ళు ఆ గడ్డిలో ఉన్నదేంటో ఏళ్ళ తరబడి వెతికి పట్టుకున్నారు, ఆ దారిలోనే 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా బయటికొచ్చింది. తర్వాత ఎలుకలు వార్ఫరిన్‌కి అలవాటు పడిపోతే ఇంకా గట్టివి చేశారు, మీ కవరు మీద ఉన్న బ్రోమాడియోలోన్ ఆ రెండో తరందే. గట్టివి అంటే ఏంటంటే ముఖ్యంగా లివర్‌లో వారాల తరబడి అంటుకుని ఉంటాయి. మీ గొడవకి అసలు మూలం ఇక్కడుంది.

ఇప్పుడు ఆదివారం చెర్రీ టెస్ట్ సంగతి చూడండి. తిన్నా తినకపోయినా పన్నెండు గంటలకి ట్యాంకు నిండుగానే ఉంటుంది కాబట్టి రిపోర్ట్ నార్మలే వస్తుంది. మూతి నిండా మందు పూసుకుని వచ్చిన కుక్కకైనా ఆ టైమ్‌లో నార్మలే వస్తుంది. ఆ టెస్ట్ చేయించడం తప్పు కాదు, మొదటి అంకె చేతిలో ఉంటే తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది, కానీ అది తిన్న రెండు రోజుల తర్వాత ఒకసారి, మూడు రోజుల తర్వాత ఇంకోసారి చేస్తేనే జవాబు. ఆ కాగితం చూసి మీరు లడ్డుని తీసుకెళ్ళలేదు అన్నారే, అక్కడ మిమ్మల్ని మోసం చేసింది ఆ రిపోర్ట్. ఆ రాత్రి మూడు నాలుగు గంటల్లోపు తీసుకెళ్ళుంటే ఆస్పత్రిలో ఇంజెక్షన్‌తో వాంతి చేయించి బొగ్గు పొడి తాగించేవాళ్ళు, చాలావరకు అక్కడే తేలిపోయేది, ఇది నేను దాచను. కానీ గంతులేస్తున్న కుక్కని చూసి, చేతిలో నార్మల్ కాగితం పెట్టుకుని, నిద్రపోని వాళ్ళెవరు? దాని గురించి ఇంక కుమిలిపోకండి, ఇప్పుడు చేయాల్సిన పని వేరే ఉంది.

లడ్డు మొన్నటి నార్మల్ ఇంకో రకం. బుధవారం ఆస్పత్రిలో ముందు ప్లాస్మా ఎందుకు ఎక్కించారంటే అందులో తయారైన ప్రొటీన్లు ఉంటాయి, అప్పటికప్పుడు రక్తం ఆగాలి కదా. విటమిన్ కె ఇచ్చినా లివర్ కొత్త ప్రొటీన్లు చేసి బయటికి పంపడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది, ఛాతీలో రక్తం చేరి దగ్గుతున్న కుక్కకి అంత టైమ్ ఉండదు. ఆ తర్వాత నుంచి రోజూ మీరు మాత్రల్లో పోస్తున్నది నిండు సిలిండర్లు. నింపే ఎంజైమ్ ఇంకా మూసే ఉంది, దాని మీద బ్రోమాడియోలోన్ ఇంకా కూర్చునే ఉంది. విటమిన్ కె ఆ మందుని ఒంట్లోంచి తీసెయ్యదు, విరుగుడు అంటాం గానీ అది మందుతో కొట్లాడదు, పక్క దారిన సరుకు అందిస్తుంది, అంతే. పక్క దారిన సరుకు వస్తున్నంత కాలం టెస్ట్ నార్మలే వస్తుంది. అంటే శుక్రవారం రిపోర్ట్ చెప్పింది మాత్రలు పని చేస్తున్నాయని మాత్రమే, మందు పోయిందని కాదు. మీ వారికి చెప్పండి, ట్యాంకర్ నీళ్ళు వస్తున్నప్పుడు కుళాయి తిప్పి చూసి కావేరి వచ్చేసింది అనుకోకూడదు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. మాత్రలు ఆపిన మర్నాడు టెస్ట్ చేసినా నార్మలే వస్తుంది, ఎందుకంటే ట్యాంకు నిండా ఉంది. మందు ఇంకా లివర్‌లో ఉంటే ఆ తేడా ఆఖరి మాత్ర తర్వాత రెండు మూడు రోజులకి బయటపడుతుంది, రక్తం కారడం ఇంకా ఒకటి రెండు రోజులకి. మొదట్లో జరిగిన ఆలస్యమే మళ్ళీ మొదటి నుంచి. కాబట్టి నిజంగా జవాబిచ్చే టెస్ట్ ఒక్కటే, ఆఖరి మాత్ర వేశాక 48 గంటలు దాటి 72 గంటల్లోపు చేసింది. దానికి ముందు చేసినవాటి మీద డబ్బులు పెట్టకండి.

ఇది నాకు పుస్తకంలో చదివితే వచ్చిన బుద్ధి కాదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో ఒక డాబర్‌మ్యాన్ వచ్చింది, ఇట్లాంటి కేసే, ప్లాస్మా దొరక్క ఇంకో కుక్క నుంచి నేరుగా రక్తం తీసి ఎక్కించి బతికించాం. వారం రోజులకి విటమిన్ కె రాసిచ్చి పంపించా, వారం అయ్యాక టెస్ట్ చేసి నార్మల్, ఇంక చాలు అన్నా. వాళ్ళు నాకు మైసూర్‌పాక్ ఇచ్చి వెళ్ళారు. నాలుగో రోజు రాత్రి అదే కుక్కని కారు వెనక సీట్లో పడుకోబెట్టుకుని తీసుకొచ్చారు, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది, పెదవి ఎత్తి చూస్తే చిగురు కాగితంలా ఉంది. టేబుల్ మీదకి ఎక్కించేలోపు పోయింది. విటమిన్ కె మోతాదు సరిపోయింది, టెస్ట్ సరిగ్గానే చేశాం, టైమ్ మాత్రం తప్పు. అప్పటినుంచి ఎలుకల మందు కుక్కని డిశ్చార్జ్ చేసేటప్పుడు చీటీ మీద మందు కన్నా ముందు ఆఖరి టెస్ట్ తేదీ రాస్తా.

ఇప్పుడు మీ ఇద్దరు డాక్టర్ల మాట. ఇద్దరూ కొట్టిపారెయ్యాల్సినవాళ్ళు కారు. పాత తరం వార్ఫరిన్ లాంటివాటికి రెండు వారాలు సరిపోతుంది, బ్రోమాడియోలోన్‌కి సాధారణంగా మూడు వారాలు, బ్రోడిఫాకమ్ అనే ఇంకా మొండి మందుకి నాలుగు నుంచి ఆరు వారాలు. ఏ మందో తెలీకపోతే నెల అనుకుని వాడతాం. రెండు వారాలన్నాయన పాత లెక్క చెప్పారు, నెల అన్నాయన మీరు కవరు చూపించకపోయి ఉంటే అట్లా అనుంటారు. బిళ్ళ రంగు చూసి ఏ మందో చెప్తాం అనేవాళ్ళని నమ్మకండి, నీలం బిళ్ళలో ఏదైనా ఉండొచ్చు, కవరు మీద పేరే లెక్క. మీకా కవరు దొరకడం చాలా పెద్ద అదృష్టం, దాన్ని పారెయ్యకుండా ఫోటో తీసి పెట్టుకోండి.

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, మీ వారు అన్నట్టు ఇప్పుడే ఆపడం. రోజులు లెక్కపెట్టేది తిన్న రోజు నుంచి కాదు, విటమిన్ కె మొదలైన బుధవారం నుంచి, కాబట్టి ఇప్పటికి రెండు వారాలు కూడా పూర్తి కాలేదు. ఆపితే కొన్ని కుక్కలకి ఏమీ కాకపోవచ్చు, నిజమే. కానీ ఆపి, 48 గంటలు దాటాక టెస్ట్ చేయించకపోతే అది జూదం. చేయిస్తే, తేడా వచ్చే అవకాశమే ఎక్కువ అని నా అనుభవం, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టి ఇంకో రెండు వారాలు వాడి మళ్ళీ ఆపి మళ్ళీ టెస్ట్. మిగిలే డబ్బు పెద్దగా ఉండదు, ఆ రెండు మూడు రోజులు మీరు నిద్రపోరు, అది అదనం.

రెండోది, మూడు వారాలు పూర్తి చేసి ఆపి టెస్ట్. కవరు మీద పేరు తెలుసు కాబట్టి ఇది న్యాయమైన దారి. మూడోది, నాలుగు వారాలు లాగి అప్పుడు టెస్ట్. ఇది ఎప్పుడు ఎంచుకోవాలంటే, మీ పెస్ట్ కంట్రోల్ వాళ్ళు బేస్‌మెంట్‌లో ఒకే రకం కాకుండా ఇంకేదో కూడా పెట్టారేమో అనే అనుమానం ఉంటే. అసోసియేషన్ ద్వారా వాళ్ళని బిల్లు అడిగి చూడండి, గత రెండు మూడు నెలల్లో ఏమేం వాడారో అందులో రాసి ఉంటుంది. దాంట్లో బ్రోడిఫాకమ్ అని ఎక్కడైనా కనిపిస్తే ఆలోచించక్కర్లేదు, నాలుగు వారాలు కనీసం. ఎక్కువ రోజులు వాడినందువల్ల ఖర్చు తప్ప నష్టం లేదు.

నేనైతే రెండోదే, చిన్న సవరణతో. మీ లెక్కన మూడు వారాలు ఒక బుధవారానికి అవుతాయి. బుధవారం రాత్రి ఆఖరి మాత్ర వేస్తే టెస్ట్ శనివారం పొద్దున పడుతుంది, తేడా వస్తే మధ్యాహ్నానికి రిపోర్ట్, మీ డాక్టర్ దొరకరు, ఆదివారం సెలవు, మెడికల్ షాపులో ఆ మాత్రలు అయిపోయాయంటాడు. అందుకని ఇంకో మూడు రోజులు వేసి శనివారం రాత్రి ఆఖరి మాత్ర అనుకోండి, మంగళవారం పొద్దునకి అరవై గంటలు, సరిగ్గా మధ్యలో పడుతుంది, చుట్టూ పని రోజులే. ఒక పట్టీ మాత్రలు అదనంగా ముందే కొని పెట్టుకోండి. మంగళవారం నార్మల్ వస్తే అయిపోయింది. కొంచెం పెరిగినా సరే, అదే రోజు మాత్రలు మళ్ళీ మొదలు, ఇంకో రెండు వారాలు, మళ్ళీ ఇదే పద్ధతి. అప్పటికి కుక్క ఇంకా రక్తం కారే దశకి రాదు, అందుకే ఆ టైమ్‌లో టెస్ట్ చేసేది.

లివర్ పాడవుతుందన్న మాటకి వద్దాం. విటమిన్ కె1, చీటీ మీద ఫైటోమెనాడియోన్ అని ఉంటుంది, నోటి ద్వారా ఈ మోతాదులో లివర్‌ని ఏమీ చెయ్యదు. కేజీకి రోజుకి రెండున్నర నుంచి అయిదు మిల్లీగ్రాములు, లడ్డు 16 కేజీలు, అంటే రోజుకి 40 నుంచి 80 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాముల మాత్రలైతే పొద్దున రెండు రాత్రి రెండు నుంచి నాలుగేసి దాకా. మనుషుల లెక్కతో చూస్తే ఎక్కువనిపిస్తుంది, అందుకే మీ వారు కంగారు పడ్డారు. ఆ భయంలో నిజం ఉన్నది విటమిన్ కె3 విషయంలో, మెనాడియోన్ అని రాసి ఉంటుంది, అది చవక, కొన్ని షాపుల్లో విటమిన్ కె అంటే అదే చేతిలో పెడతారు. అది ఈ కేసులో పని చెయ్యదు, పైగా ఎర్ర కణాలని పగలగొడుతుంది. మీ పట్టీ తిప్పి ఏ పేరుందో ఇప్పుడే చూడండి. రెండు పేర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మొదట్లో ఫైటో ఉందా లేదా అన్నదే తేడా.

ఇంకోటి, ఈ విటమిన్ కొవ్వుతో పాటు వెళ్తేనే ఒంటికి పడుతుంది. ఖాళీ కడుపున వేస్తే చాలావరకు వృథా, కొవ్వున్న తిండితో వేస్తే నాలుగయిదు రెట్లు ఎక్కువ ఎక్కుతుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొనలో నొక్కి పెట్టినా సరే, పెరుగన్నంలో చిన్న చెంచా నెయ్యి వేసి కలిపినా సరే. ప్రేమ ఎక్కువై గరిటెడు నెయ్యి పోయకండి, అప్పుడు వాంతులు, ప్యాంక్రియాస్ గొడవ కొత్తగా మొదలవుతుంది. ఎవరైనా ఇన్ని మాత్రలెందుకు రోజుకో ఇంజెక్షన్ వేయిద్దాం అంటే వద్దనండి, కండలో సూది వేస్తే అక్కడ లోపలే రక్తం కారి గడ్డలా ఉబ్బుతుంది, నరంలో వేస్తే ఒక్కోసారి ప్రాణం మీదకి వచ్చే అలర్జీ వస్తుంది. తినే కుక్కకి నోటి ద్వారా ఇవ్వడాన్ని మించింది లేదు. కాలు నొప్పిగా ఉందని మీ ఇష్టానికి నొప్పి మాత్రలు కూడా వెయ్యకండి, ఆ నెల్లాళ్ళు అస్సలు వద్దు.

చెర్రీ కథ చిన్నది, దాదాపు అయిపోయింది. నిజంగా సరిపడా తిని ఉంటే ఈ పాటికి, వారంలోపే, ఏదో ఒకటి కనిపించేది. అయినా ఒకసారి టెస్ట్ చేయించమని మీ చెల్లికి చెప్పండి, ఎందుకంటే దానికి ఏ మందూ వెయ్యలేదు, ఆ రిపోర్ట్‌కి అడ్డం పడేది ఏమీ లేదు. ఇప్పుడు నార్మల్ వస్తే అది అసలైన నార్మల్, కాగితం పడేసి మర్చిపోవచ్చు. ఆదివారం క్లినిక్‌లో ఎందుకైనా మంచిదని విటమిన్ కె ఇంజెక్షన్ ఏమైనా వేశారా అని ఒక్కసారి కనుక్కోండి. ఒక్క ఇంజెక్షన్ ప్రభావం ఇన్నాళ్ళు ఉండదు, కానీ కథ మొత్తం తెలిస్తే రిపోర్ట్ చదవడం తేలిక. భయపడి ఇప్పుడు చెర్రీకి కూడా మాత్రలు మొదలుపెడితే మాత్రం ఇరుక్కుపోతారు, అది తిందో లేదో ఇంక ఎప్పటికీ తెలీదు, ఊరికే నెల వాడి ఆపి మళ్ళీ టెస్ట్ చేయించాల్సిందే.

మాత్రలు ఆపిన ఆ వారం ఏం చూడాలో చెప్తా. అందరూ ముక్కులోంచి రక్తం కారుతుందేమో అని చూస్తారు, చాలా కుక్కలకి బయట చుక్క కూడా కనపడదు, లడ్డుకి కూడా కనపడలేదు గదా, ఛాతీలోకి, కీళ్ళలోకి, పొట్టలోకి కారుతుంది. రోజుకి రెండు సార్లు పై పెదవి ఎత్తి చిగురు చూడండి, గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు రావాలి. వాడి చిగురు నల్ల మచ్చలదైతే కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. నిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు ఎన్నిసార్లు లేస్తున్నాయో నిమిషం పాటు లెక్కపెట్టండి, ఇప్పుడు బాగున్నప్పుడే రెండు మూడు రోజులు లెక్కపెట్టి రాసుకుంటే వాడి అంకె మీకు తెలుస్తుంది, నిద్రలో ముప్ఫై దాటితే ఆలోచించాలి, నలభై దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. ఉన్నట్టుండి కుంటడం, పొడి దగ్గు, పొట్ట మీద కమిలిన మచ్చ, నల్లటి దొడ్డి, ఇవి కూడా అంతే. మన ఊళ్ళో కుక్క డల్‌గా ఉందంటే ముందు టిక్ ఫీవర్ అనేస్తారు, దాంట్లోనూ రక్తస్రావం ఉంటుంది కాబట్టి ఆ అనుమానం తప్పు కాదు, కానీ మీరు గుమ్మంలోనే ఎలుకల మందు సంగతి చెప్పండి, ప్లేట్‌లెట్లతో పాటు పీటీ కూడా చూడమనండి. పీటీ అంటే ప్రోథ్రాంబిన్ టైమ్, మీరు గడ్డకట్టే టెస్ట్ అంటున్నది అదే, ఏడో నంబరు తగ్గితే ముందు పసిగట్టేది అది.

అసోసియేషన్ మీద కోపం ఉంటుంది, ఉండాలి కూడా. బిళ్ళలు విడిగా పడెయ్యకుండా తాళం వేసే పెట్టెల్లో పెట్టమని, పెట్టిన చోట మందు పేరు రాసి అతికించమని లెటర్ ఇవ్వండి, కుక్కల కన్నా ముందు పాకే పిల్లల సంగతి రాయండి, అప్పుడు కదులుతారు. ఇంకెవరి కుక్కైనా తింటే మీ అనుభవం చెప్పండి, ఆ రాత్రే పరిగెత్తమని, ఇంట్లో ఉప్పు నీళ్ళు పోసి వాంతి చేయించకూడదని, కవరు వెంట తీసుకెళ్ళమని. కవరు ఎందుకంటే ఎలుకల మందులన్నీ ఒకటి కాదు, నల్ల పొడిలా ఉండే జింక్ ఫాస్ఫైడ్, ట్యూబులో వచ్చే పేస్టు, వీటికి విటమిన్ కె విరుగుడు కాదు, గంటల్లోనే కథ మారిపోతుంది.

టెస్ట్ రోజు ఇంకో సంగతి. చాలామంది క్లినిక్ వాళ్ళు ఈ రక్తాన్ని మనుషుల ల్యాబ్‌కి పంపిస్తారు, పంపించొచ్చు, కానీ రిపోర్ట్‌లో పక్కన వేసే నార్మల్ అంకెలు మనుషులవి. కుక్కల రక్తం సాధారణంగా మనకన్నా తొందరగా గడ్డ కడుతుంది కాబట్టి మనిషికి నార్మల్ అన్న సెకన్లు కుక్కకి ఎక్కువ అవ్వొచ్చు, ఐఎన్‌ఆర్ అని ఇచ్చే అంకె కూడా మనుషుల కోసం కట్టిన లెక్కే. అందుకని అంతకు ముందు రిపోర్ట్ వచ్చిన ల్యాబ్‌కే పంపించండి, మొన్నటి శుక్రవారం సెకన్లు, మంగళవారం సెకన్లు పక్కపక్కన పెట్టి చూడమనండి, ఆ రకంగా ఆ రిపోర్ట్ కూడా ఒక పనికొస్తుంది. కుదిరితే అదే రోజు చెర్రీ రక్తం కూడా పంపితే పోల్చడానికి ఇంకో కుక్క దొరికినట్టే, దాని టెస్టూ అయిపోతుంది, కాకపోతే దానికోసం అన్నాళ్ళు ఆగాలి, మీ చెల్లి ఆగలేనంటే ముందే చేయించుకోమనండి.

రక్తం ముందు కాలి నుంచి తీయమనండి, తీశాక దూది పెట్టి అయిదు నిమిషాలు మీరే నొక్కి పట్టుకోండి, మధ్యలో తీసి చూడకుండా. నీలం మూత ట్యూబులోనే పొయ్యాలి, ఆ ట్యూబు మీద ఒక గీత ఉంటుంది, రక్తం సరిగ్గా ఆ గీత దాకా రావాలి. లోపల ముందే కొలిచి పోసిన సిట్రేట్ ఉంటుంది, రక్తం తక్కువైతే అది ఎక్కువైపోయి బాగున్న కుక్కకి కూడా సెకన్లు పెరిగినట్టు చూపిస్తుంది, మీరేమో ఉత్తపుణ్యానికి ఇంకో రెండు వారాలు మాత్రలు వేస్తూ కూర్చుంటారు. కాంపౌండర్ తొందరలో ఉంటాడు, ట్యూబు వెలుగుకి పట్టి మీరే చూడండి, గీతకి తక్కువుంటే మొహమాటపడకుండా ఇంకో ట్యూబులో మళ్ళీ తీయమనండి.